ఎత్తు తెలిసిన కట్టడం ఫొటో నుంచి దూరం: లెక్క 3.13 కిలోమీటర్లు అంటోంది, మ్యాపు ఒప్పుకోవడం లేదు

కిటికీ_పక్షి
మా మిత్రుడు 2023లో పారిస్‌లో ఒక గది కిటికీ నుంచి తీసిన ఫొటో ఉంది. మధ్యలో ఈఫిల్ టవర్, చుట్టూ ఇంటి కప్పులు. ఆ గది ఎక్కడో ఆయనకు ఇప్పుడు గుర్తు లేదు. మోంపర్నాస్ వైపు ఎక్కడో, ఏడో అంతస్తో ఎనిమిదో అంతస్తో అంటున్నారు. టవర్ ఎత్తు తెలుసు కాబట్టి ఫొటో నుంచే దూరం కట్టి, మ్యాపు మీద వృత్తం గీసి వెతుకుదాం అనుకున్నాను.

నా దగ్గర ఉన్నది ఆయన చాట్‌లో పంపిన ఫొటో, 1600 × 1200 పిక్సెళ్లు. ఫోను లెన్సు 26 మి.మీ. అని చెప్పారు. ఫిల్ము ఎత్తు 24 మి.మీ. కాబట్టి 26 ÷ 24 × 1200 = 1300 పిక్సెళ్లు ఫోకల్ లెంగ్త్. ఫొటోలో టవర్ 137 పిక్సెళ్లు ఉంది. అసలు ఎత్తు 330 మీటర్లు. 1300 × 330 ÷ 137 చేస్తే 3131 మీటర్లు.

వృత్తం గీస్తే అది మోంపర్నాస్ టవర్‌ను కూడా దాటి అవతల పడుతోంది. అక్కడి నుంచి ఈఫిల్ వైపు చూస్తే 210 మీటర్ల ఆ నల్లటి భవనం ఫొటోలో ఎక్కడో ఒకచోట కనపడి తీరాలి. దాని ఆనవాలే లేదు. లెక్క ఎక్కడ తప్పుతోంది?

నిద్రలేమి
మోంపర్నాస్ టవర్ పైకెక్కి తీసి ఉంటారు. పారిస్‌లో అది కనపడని చోటు అదొక్కటే కదా.

అంగుళం_తక్కువ
దీనికి లెక్కలు ఎందుకండీ. చెయ్యి చాచి స్కేలు పట్టుకోండి. కట్టడం స్కేలు మీద ఎన్ని సెంటీమీటర్లు ఉందో చూడండి, కంటికీ స్కేలుకూ మధ్య దూరం కొలవండి. అక్కడి నుంచి కట్టడం దాకా అడుగులు వేసుకుంటూ వెళ్తే ఎత్తు వచ్చేస్తుంది. మేము బడిలో కొబ్బరిచెట్టు ఎత్తు ఇలాగే కనుక్కున్నాం.

కిటికీ_పక్షి
@అంగుళం_తక్కువ ఎత్తు తెలుసండీ, తెలియనిది దూరం. పైగా నా దగ్గర ఉన్నది ఫొటో మాత్రమే, టవర్ కాదు.

సర్వేరాయి
సూత్రం సరైనదే. అందులో వేసిన అంకెల మీదే అనుమానం. ముందు ఒక్కటి చెప్పండి: టవర్ కాళ్లు ఫొటోలో కనపడుతున్నాయా? ఆ 137 పిక్సెళ్లు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కొలిచారు?

కిటికీ_పక్షి
కాళ్లు కనపడవు. ముందున్న ఇళ్ల కప్పులు అడ్డం. మొదటి అంతస్తు సరిగ్గా కప్పుల గీత మీద కూర్చున్నట్టుంది. కప్పుల గీత నుంచి చిట్టచివరి యాంటెన్నా మొన దాకా 137.

సర్వేరాయి
అయితే పెద్ద తేడా అక్కడే దొరికింది. మీరు కొలిచింది టవర్ పైభాగం, సూత్రంలో వేసింది టవర్ మొత్తం. మొదటి అంతస్తు నేల నుంచి 57 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కాబట్టి మీ 137 పిక్సెళ్లకు సమానమైనది 330 కాదు, 273 మీటర్లు. ఈ ఒక్కటి మారిస్తేనే 3131 కాస్తా 2590కి దిగుతుంది.

నగరంలో తీసిన ఏ ఫొటోలోనైనా కట్టడం అడుగు కనపడటం అరుదు. చెట్లు, గోడలు, ఇళ్లు ఏదో ఒకటి మింగేస్తుంది. కంటికి మాత్రం కట్టడం మొత్తం కనపడుతున్నట్టే ఉంటుంది, ఎందుకంటే అడుగు ఎక్కడుండాలో మనసు ఊహించేసుకుంటుంది. లెక్క ఎప్పుడూ అసలు కన్నా ఎక్కువ దూరం చూపిస్తోందంటే మొదట అనుమానించవలసింది దీన్నే.

రెండోది ఆ 24. ఫోన్లలో చెప్పే 26 మి.మీ. అనేది లెన్సు అసలు ఫోకల్ లెంగ్త్ కాదు, 35 మి.మీ. ఫిల్ముతో పోల్చి చెప్పే అంకె. ఆ పోలిక సాధారణంగా కర్ణంతో చేస్తారు. ఫిల్ము చట్రం 36 × 24, దాని కర్ణం 43.27 మి.మీ. మీ ఫొటో చట్రం ఆకారం వేరు, 4:3. ఎత్తుతో ఎత్తును పోలిస్తే ఒక జవాబు, వెడల్పుతో వెడల్పును పోలిస్తే ఇంకో జవాబు వస్తాయి. 1600 × 1200 ఫొటో కర్ణం 2000 పిక్సెళ్లు, అంటే

```
f = 26 / 43.27 × 2000 = 1202
D = f × H / h = 1202 × 273 / 137 = 2395
```

24తో పోల్చినప్పుడు 1300 వచ్చింది, దాదాపు 8 శాతం ఎక్కువ. 36తో పోల్చి ఉంటే 1156 వచ్చేది, 4 శాతం తక్కువ. ప్రస్తుతానికి 2.4 కిలోమీటర్లు అనుకోండి. మోంపర్నాస్ టవర్‌కు ఇవతలే పడుతుంది.

డిగ్రీల_దాసు
ఇంత తిప్పలు అక్కర్లేదు. 26 మి.మీ. లెన్సు అడ్డంగా 67.3 డిగ్రీలు చూస్తుంది. 1600 పిక్సెళ్లను 67.3తో భాగిస్తే డిగ్రీకి 23.8 పిక్సెళ్లు. టవర్ 137 పిక్సెళ్లు, అంటే 5.76 డిగ్రీలు. సర్వేరాయి గారు చెప్పిన 273 మీటర్లను ఆ కోణం టాంజెంట్‌తో భాగిస్తే 2.7 కిలోమీటర్లు.

ఇప్పుడు మ్యాపు తీసి చూడండి. ఈఫిల్ నుంచి మోంపర్నాస్ టవర్‌కు సరిగ్గా 2.7 కిలోమీటర్లు! నిద్రలేమి గారు సరదాకు అన్నదే నిజం. ఫొటో ఆ టవర్ మీది నుంచి తీసిందే, అందుకే అది ఫొటోలో లేదు.

నిద్రలేమి
నేను ఊరికే అన్నాను. అయినా సంతోషం.

కిటికీ_పక్షి
@డిగ్రీల_దాసు మిత్రుడు ఏడెనిమిది అంతస్తులు అంటున్నారండీ. మోంపర్నాస్ టవర్‌కు 59 అంతస్తులు.

డిగ్రీల_దాసు
జ్ఞాపకాలు మోసం చేస్తాయి. అంకెలు చేయవు.

సర్వేరాయి
@డిగ్రీల_దాసు ఈ అంకె చేసింది. డిగ్రీకి ఇన్ని పిక్సెళ్లు అని చట్రం అంతటికీ ఒకే లెక్క కట్టకూడదు. మామూలు లెన్సు దృశ్యాన్ని చదునైన తలం మీద పరుస్తుంది. అందుకే ఒక డిగ్రీ మధ్యలో ఇరుకుగా, అంచుల్లో విశాలంగా పడుతుంది. ఈ ఫొటోలో నడిమధ్య డిగ్రీకి 21 పిక్సెళ్లు, ఎడమ కుడి అంచుల దగ్గర 30 పిక్సెళ్లు. మీరు వాడిన 23.8 సగటు. టవర్ ఉన్నది మధ్యలో, కాబట్టి దానికి 21 వాడాలి. అప్పుడు 6.5 డిగ్రీలు వస్తుంది, దూరం మళ్లీ 2.4 కిలోమీటర్లే.

టెలిఫొటో లెన్సులో చట్రం మొత్తం పది డిగ్రీలే ఉంటుంది కాబట్టి సగటు వాడినా ఏమీ కాదు. ఫోను వైడ్ లెన్సులోనే ఇది 13 శాతం ముంచుతుంది.

2.7 కలవడం కాకతాళీయం. దాన్ని పరీక్షించడానికి పిక్సెళ్లు కూడా అక్కర్లేదు. మోంపర్నాస్ పైభాగం నుంచి చూస్తే దాదాపు 200 మీటర్ల ఎత్తు నుంచి కప్పుల మీదికి కిందికి చూస్తాం. మామూలు ఇళ్ల కప్పులు ఈఫిల్ మొదటి అంతస్తు దాకా అడ్డం రావడం అక్కడి నుంచి జరగదు. ఈ ఫొటోలో కప్పులు 57 మీటర్ల దాకా మింగాయంటే, కెమెరా దగ్గర్లోని కప్పుల మీదుగా పైకి చూస్తోంది. తీసినవారు కిందే ఉన్నారు.

మూడోకన్ను
సర్వేరాయి గారు చెప్పినదానికి ఇంకొక గుర్తు. క్షితిజరేఖ కనపడే ఫొటో అయితే, అది కట్టడాన్ని ఏ ఎత్తులో కోస్తోందో కెమెరా దాదాపు ఆ ఎత్తులోనే ఉన్నట్టు. దూరంతో పని లేదు. మోంపర్నాస్ మీది నుంచి తీసి ఉంటే ఆ గీత ఈఫిల్ రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య ఎక్కడో తగలాలి.

డిగ్రీల_దాసు
కప్పుల సంగతి ఒప్పుకుంటాను. కానీ కోణం పద్ధతి తప్పు అనకండి, ఖగోళంలో అందరూ కోణాలతోనే చేస్తారు.

సర్వేరాయి
కోణం పద్ధతి తప్పు అనలేదు. పిక్సెళ్లను కోణంగా మార్చిన తీరును తప్పు అన్నాను.

పాతరీలు
330 అని అందరూ ధీమాగా వాడుతున్నారు. 2022 మార్చిలో కొత్త యాంటెన్నా పెట్టాకే అది 330 అయింది. అంతకుముందు 324. కట్టినప్పుడు 312. పాత ఫొటో అయితే అప్పటి ఎత్తు వాడాలి.

కిటికీ_పక్షి
2023 ఫొటో, కాబట్టి 330 సరే కదా?

పాతరీలు
సరే. కానీ ఆ యాంటెన్నా మొన మీ ఫొటోలో నిజంగా కనపడుతోందా? 1600 పిక్సెళ్ల ఫొటోలో ఆకాశం తెల్లగా ఉంటే అంత సన్నని కమ్మీ కలిసిపోతుంది. మీరు మొన అనుకున్నది దానికి కొన్ని మీటర్ల కింద ఉన్న భాగం కావచ్చు.

వీడియో_వీరుడు
నా కథ వినండి. మా పక్క వీధిలో కడుతున్న ఎనిమిది అంతస్తుల భవనం దూరం ఇలాగే లెక్కకట్టాను. అంతస్తుకు మూడు మీటర్లు వేసి 24 మీటర్లు అనుకున్నాను. అసలు దూరం నాలుగు వందల మీటర్లని నాకు తెలుసు, లెక్కలో 330 వచ్చింది. అంతస్తులు ఇంకా ఎత్తుగా ఉన్నాయేమో అనుకుని నెల రోజులు మేస్త్రీని అనుమానించాను.

తీరా చూస్తే నేను వాడింది వీడియోలోంచి తీసిన ఒక చట్రం. చెయ్యి వణుకు కనపడకుండా ఫోను వీడియో తీసేటప్పుడు అంచులు కత్తిరించి మిగిలినదాన్ని పెద్దది చేస్తుంది. అంటే వీడియోకు ఫోకల్ లెంగ్త్ పిక్సెళ్లలో ఎక్కువ. ఫొటోకు సరిపోయే అంకెను వీడియోకు వేస్తే కట్టడం దగ్గరికి జరిగిపోతుంది.

అంగుళం_తక్కువ
మేస్త్రీకి క్షమాపణ చెప్పారా?

వీడియో_వీరుడు
ఆయనకు నేనెవరో కూడా తెలియదు.

సర్వేరాయి
@వీడియో_వీరుడు మంచి ఉదాహరణ. అందులో అంతస్తుకు మూడు మీటర్లు అన్నదీ ఊహే. అది 3.3 అయినా పది శాతం పోయినట్టే. దూరంలో శాతం తప్పు, ఎత్తులో శాతం తప్పు ఒకటే. తెలిసిన ఎత్తు అని మనం అనుకునేది ఎంత బాగా తెలుసో, దూరం అంతే బాగా తెలుస్తుంది.

అందుకే కిటికీ_పక్షి గారికి నా సలహా: కప్పుల గీతనూ, యాంటెన్నా మొననూ రెండింటినీ వదిలేయండి. రెండూ నమ్మదగినవి కావు. కప్పుల గీత సరిగ్గా 57 మీటర్ల దగ్గరే ఉందన్నది మన అంచనా. దాని బదులు టవర్ మీదే స్పష్టంగా కనపడే రెండు గుర్తుల మధ్య కొలవండి. రెండో అంతస్తు 116 మీటర్లు, మూడో అంతస్తు 276 మీటర్లు. మధ్య 160. యాంటెన్నాలు ఎన్ని మారినా ఆ 160 మారదు. రెండుచోట్లా ఒకే రకం అంచును, ఉదాహరణకు రెండుచోట్లా వేదిక కింది అంచునే పట్టుకుంటే, అంచు మందం వల్ల వచ్చే తేడా కూడా చాలావరకు కొట్టుకుపోతుంది.

అలాగే అసలు ఫైలు తెప్పించండి. చాట్ ద్వారా వస్తే ఫొటో కుంచించుకుపోతుంది, లోపలి వివరాలు తుడిచిపెట్టుకుపోతాయి. అంచులు కత్తిరించారో లేదో కూడా తెలియదు.

మూడోకన్ను
అసలు ఫైలు వచ్చాక అందులో రెండు అంకెలు చూడండి: `FocalLength`, `FocalLengthIn35mmFilm`. డిజిటల్ జూమ్‌తో తీసి ఉంటే రెండోది సాధారణంగా పెరిగి ఉంటుంది. తీసిన తరువాత ఎవరైనా కత్తిరిస్తే మాత్రం ఈ రెండూ మారకుండా అలాగే ఉండిపోతాయి, పిక్సెళ్ల సంఖ్య ఒక్కటే తగ్గుతుంది. 4032 × 3024 లాంటి నిండు కొలత ఉంటే కత్తిరించలేదని నమ్మవచ్చు.

కిటికీ_పక్షి
మిత్రుడు అసలు ఫైలు మెయిల్ చేశారు. 4032 × 3024. `FocalLength` 4.25, `FocalLengthIn35mmFilm` 26.

పెద్దది చేసి చూస్తే రెండో అంతస్తు గీత చక్కగా కనపడుతోంది. మూడో అంతస్తు కొంచెం మసక, ఒకటి రెండు పిక్సెళ్లు అటూ ఇటూ. మధ్య 202 పిక్సెళ్లు. కర్ణం 5040, కాబట్టి f = 26 ÷ 43.27 × 5040 = 3028. దూరం 3028 × 160 ÷ 202 = 2398 మీటర్లు.

సర్వేరాయి
ఇంకో దారిలో సరిచూసుకోవచ్చు. ఆ 4.25 మి.మీ. లెన్సు అసలు ఫోకల్ లెంగ్త్. ఆ ఫోను సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ వెడల్పు తయారీదారు వివరాల్లో దొరుకుతుంది, చూడండి.

కిటికీ_పక్షి
1.4 మైక్రోమీటర్లు అని ఉంది.

సర్వేరాయి
4.25ను 0.0014తో భాగిస్తే 3036. కర్ణంతో వచ్చిన 3028కి దగ్గరే. వెడల్పుతో పోల్చి ఉంటే 2912 వచ్చేది, అది దీనితో కలవదు. కాబట్టి ఈ ఫోను 26 అన్నది కర్ణం లెక్కనే అని రుజువైంది.

దూరం 2.4 కిలోమీటర్లు అని రాసుకోండి, 2398 అని రాసుకోకండి. రెండు పిక్సెళ్ల అనుమానం ఒక శాతం, అంటే 24 మీటర్లు. 26 అనేది 25.5 నుంచి 26.5 దాకా ఏదైనా కావచ్చు, అది రెండు శాతం. మొత్తం మీద 50 మీటర్లు అటూ ఇటూ. ఒక వీధి ఇటో అటో తేలుతుంది, ఇంటి నంబరు తేలదు.

నిద్రలేమి
భూమి గుండ్రంగా ఉంది కదా, ఆ వంపు లెక్కలోకి తీసుకోరా?

మూడోకన్ను
2.4 కిలోమీటర్లకు వంపు వల్ల తగ్గేది అర మీటరు కూడా కాదు. అదీ టవర్ అడుగు దగ్గర. మీరు కొలిచే రెండు గుర్తులూ కలిసే దిగుతాయి కాబట్టి వాటి మధ్య తేడా ఏమీ ఉండదు.

పాతరీలు
ఎండాకాలంలో ఇనుము వ్యాకోచించి టవర్ కొన్ని సెంటీమీటర్లు పెరుగుతుంది. అదీ కలుపుకోండి.

నిద్రలేమి
@పాతరీలు మిత్రుడు ఏ కాలంలో తీశారో అడగాల్సిందే ఇక.

చతురస్రం
కెమెరాను పైకి వంచి తీస్తే? నేను దగ్గర నుంచి తీసిన ఫొటోతో ప్రయత్నిస్తే దూరం పిచ్చిగా వస్తోంది.

సర్వేరాయి
దూరం నుంచి తీసినప్పుడు టవర్ మొత్తం ఏడెనిమిది డిగ్రీలే కాబట్టి కొంచెం వంచినా పట్టించుకోనక్కర్లేదు. దగ్గర నుంచి తీస్తే ఆ సూత్రం పనికిరాదు. కెమెరా వంచారో లేదో ఫొటోయే చెబుతుంది. అంచుల్లో ఉన్న భవనాల గోడలు పైకి పోతున్నకొద్దీ లోపలికి వాలుతుంటే వంచినట్టే. నిటారు గీతలు నిటారుగానే ఉంటే సూత్రం చట్రంలో ఏ మూలనైనా పనిచేస్తుంది.

దగ్గర్లో ఇంకో చిక్కు ఉంది. ఈఫిల్ అడుగు ఒక్కో వైపు 125 మీటర్లు. ముందు కాళ్లు మీకు మొన కన్నా అరవై మీటర్లు దగ్గర. 300 మీటర్ల నుంచి తీసి కాళ్ల నుంచి మొన దాకా కొలిస్తే, అది దేని దూరం? కింద ఒకటి, పైన ఒకటి. 2.4 కిలోమీటర్ల దగ్గర ఈ ప్రశ్నే లేవదు, పైగా మనం కొలిచింది సన్నటి పైభాగాన్ని.

చతురస్రం
నా ఫొటోలో గోడలన్నీ వాలుతున్నాయి. ఫోనులో నిటారుగా సరిచేసే మీట ఉంది, నొక్కి కొలవనా?

సర్వేరాయి
ఆ మీట చట్రాన్ని సాగదీసి కత్తిరిస్తుంది. తరువాత ఫోకల్ లెంగ్త్ ఎంతో మీకు తెలియదు. వద్దు.

మూడోకన్ను
కిటికీ_పక్షి గారికి ఆ రెండు శాతం తగ్గించుకునే ఉపాయం ఉంది. మిత్రుడి దగ్గర ఆ ఫోను ఇంకా ఉంటే, గోడకు ఒక A4 కాగితం నిలువుగా అంటించి, లెన్సు నుంచి సరిగ్గా 3 మీటర్ల దూరంలో ఎదురుగా ఫొటో తీయమనండి. కాగితం ఎత్తు 297 మి.మీ. f నిజంగా 3028 అయితే కాగితం 300 పిక్సెళ్లు రావాలి. కాగితం చట్రం మధ్యలో ఉండాలి, అదే లెన్సు ఉండాలి, జూమ్ ముట్టకూడదు.

డిగ్రీల_దాసు
ఇది నాకూ నచ్చింది. డిగ్రీలు కూడా ఇలా కొలిచి కట్టుకోవచ్చు.

కిటికీ_పక్షి
మిత్రుడు తీసి పంపారు. 304 పిక్సెళ్లు వచ్చింది. అంటే f = 304 × 3000 ÷ 297 = 3071. దాంతో దూరం 2432. ఇప్పుడు 2398 నమ్మాలా, 2432 నమ్మాలా?

మూడోకన్ను
కాగితాన్నే. అది ఆ ఫోనును నేరుగా కొలిచింది, 26 మాత్రం గుండుగుత్త అంకె.

సర్వేరాయి
నేను ఇంకా ఒప్పుకోను. 3 మీటర్లను దేనితో కొలిచారు? టేపు 3 సెంటీమీటర్లు తప్పితే ఒక శాతం, అంటే ఆ తేడాలో చాలాభాగం అక్కడే పోతుంది. ఫోను వీపు నుంచి కొలిచారా, గోడకు ఆనుకున్న కుర్చీ నుంచి కొలిచారా? 4.25, 1.4 అనే అంకెలు 3036 దగ్గర నిలబడి ఉన్నాయి. ఆరు మీటర్ల నుంచి ఇంకొకటి తీస్తే తేలుతుంది.

మూడోకన్ను
ఆ 1.4 కూడా గుండుగుత్త అంకే కదా. 1.38 అయితే?

సర్వేరాయి
కావచ్చు. అందుకే ఆరు మీటర్లు అంటున్నాను.

కిటికీ_పక్షి
మిత్రుడి గది ఆరు మీటర్లు లేదట. వరండాలో తీస్తానన్నారు.

ఈలోగా ఇంకో సందేహం. ఫొటోలో కుడివైపు, దాదాపు అంచు దగ్గర ఇన్వాలీడ్ బంగారు గుమ్మటం కూడా ఉంది. దాని ఎత్తు 107 మీటర్లు. దాని దూరం కూడా కట్టి రెండో వృత్తం గీస్తే రెండూ కలిసే చోటే గది కదా?

డిగ్రీల_దాసు
అద్భుతం. గీసేయండి.

సర్వేరాయి
ఆగండి. గుమ్మటం అడుగు కనపడదు, మధ్యలో ఏ గుర్తు ఎంత ఎత్తులో ఉందో మన దగ్గర లేదు. 107 అంతా వేస్తే మళ్లీ మొదటి పోస్టు కథే.

ఇంకోటి, ఆ సూత్రం ఇచ్చేది నిజానికి కెమెరా చూస్తున్న దిశలో ఎంత లోతుకు ఉందో ఆ కొలత. మధ్యలో ఉన్న ఈఫిల్‌కు లోతు, దూరం ఒకటే. అంచులో ఉన్నదానికి కాదు. గుమ్మటం 29 డిగ్రీలు పక్కకు ఉందనుకోండి, లోతు 1200 అని వస్తే నేరు దూరం దాన్ని 29 డిగ్రీల కొసైన్‌తో భాగిస్తే వచ్చే 1370. ఇది వదిలేస్తే వృత్తాలు కలవవు.

గుమ్మటం ఎత్తు వదిలేసి, ఈఫిల్ నుంచి పక్కకు ఎన్ని పిక్సెళ్ల దూరంలో ఉందో చెప్పండి. ఈఫిల్ సరిగ్గా చట్రం మధ్యలోనే ఉందా?

కిటికీ_పక్షి
దాదాపు మధ్యలోనే. గుమ్మటం మొన 1678 పిక్సెళ్లు కుడికి.

సర్వేరాయి
1678 ÷ 3028, దాని కోణం 29 డిగ్రీలు. f 3071 అయినా 28.7. చూశారా, రెండు f ల మధ్య గొడవ ఇక్కడ దాదాపు పోయింది. ఈ కోణానికి ఏ కట్టడం ఎత్తూ అక్కర్లేదు.

ఇప్పుడు మ్యాపు మీద ఈఫిల్ చుట్టూ 2.4 కిలోమీటర్ల వృత్తం గీసి, దాని మీద నడుస్తూ ఈఫిల్‌కు 29 డిగ్రీల కుడివైపు గుమ్మటం కనపడే చోటు వెతకండి. అలాంటివి రెండు చోట్లు వస్తాయి. ఒకటి ఆగ్నేయంలో, మోంపర్నాస్ టవర్‌కు కొంచెం ఇవతల. ఇంకోటి ఈఫిల్‌కు దాదాపు దక్షిణంగా.

కిటికీ_పక్షి
రెండూ వచ్చాయి. ఎలా విడదీయాలి? మిత్రుడి మాట నమ్మి ఆగ్నేయం అనుకోనా?

పాతరీలు
మాట అక్కర్లేదు, టవర్‌నే అడగండి. దాని నాలుగు కాళ్లు నాలుగు దిక్కులకు ఉంటాయి: ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర. దక్షిణం నుంచి చూస్తే ఒక మూల మీకు ఎదురుగా ఉంటుంది, రెండో అంతస్తు వేదిక రెండు పక్కలకూ మడత పడినట్టు కనపడుతుంది. ఆగ్నేయం నుంచి చూస్తే ఒక ముఖం చదునుగా ఎదురుగా ఉంటుంది.

కిటికీ_పక్షి
చదునుగానే ఉంది. మడత కనపడటం లేదు.

సర్వేరాయి
గుమ్మటం కూడా అదే చెబుతుంది. దక్షిణపు చోటు నుంచి అది 2.8 కిలోమీటర్లు, ఆగ్నేయం నుంచి దాని సగం. ఈఫిల్ పక్కన అది ఎంత ఉందో చూడండి.

అంగుళం_తక్కువ
ఇంత చేసే బదులు ఆ గది అద్దె రసీదు మెయిల్‌లో వెతకమనొచ్చు కదా ఆయనను.

కిటికీ_పక్షి
వెతికారట, దొరకలేదు. అందుకే కదండీ ఇక్కడికి వచ్చింది. ఆగ్నేయపు చోటు చుట్టూ యాభై మీటర్లలో ఈఫిల్ వైపు తిరిగిన, ఏడెనిమిది అంతస్తులున్న భవనాలు రెండు కనపడుతున్నాయి. వరండా ఫొటో వచ్చాక ఆరు మీటర్ల పిక్సెళ్లు ఇక్కడ పెడతాను.

మూడోకన్ను
టేపు లెన్సు దగ్గర మొదలుపెట్టమనండి.